అనుకున్నంత మాత్రానే నేరమా?



నీ ఉత్తరం అందింది. సెక్షన్ల సంఖ్యలన్నీ పక్కనపెట్టి ఒకే ప్రశ్న అడిగావు, నాకు నచ్చింది. ‘ఎవరూ ఎవర్నీ ఏమీ చేయలేదు, చేద్దామని అనుకున్నారంతే. అంతమాత్రానికే జైల్లో పెట్టడం ఏం న్యాయం?’ అని. లా కాలేజీలో ఈ ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు చెప్పి తర్వాతి పాఠానికి పోతారు. కోర్టులో అలా కుదరదు. నీ క్లయింటు బెయిలు ఈ ప్రశ్న మీదే నిలబడుతుంది. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

ఒక్క మనిషి మనసులో ఏమనుకున్నా చట్టం అడగదు. పక్కింటాయన్ని చంపాలని పదేళ్లపాటు రోజూ అనుకున్నా, డైరీలో రాసుకున్నా నేరం కాదు. పొద్దున లేచేసరికి కోపం చల్లారవచ్చు, భయం వేయవచ్చు, పెళ్లాం తిడితే మానుకోవచ్చు. ఆ ఆలోచన అతని చేతిలోనే ఉంది. అదే మాట రెండోవాడితో అని, వాడు ‘సరే, కానిద్దాం’ అన్నాడనుకో. ఇప్పుడు మొదటివాడు మానుకోవాలంటే రెండోవాడికి సమాధానం చెప్పుకోవాలి. పిరికివాడివంటాడేమోనని ఇద్దరూ ఒకరికొకరు కట్టుబడిపోతారు. పైగా ఒక్కడికి సాధ్యం కాని పనులు ఇద్దరికి సాధ్యమవుతాయి: ఒకడు డబ్బు తెస్తాడు, ఒకడు మనిషిని పంపుతాడు, ఇంకొకడు ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నానని చెప్పుకుంటాడు. అందుకే ఒప్పుకోవడాన్ని ఆలోచనగా కాక ఒక చర్యగా చూస్తారు. ఇంగ్లండులో ప్రభువుల సభ 1868లో మల్కాహీ కేసులో చెప్పింది ఇదే. ఇద్దరు అంగీకారానికి వచ్చాక అది ఉద్దేశమనే దశను దాటిపోయింది, ఆ అంగీకారమే ఒక కార్యం అని. మన కోర్టులు నేటికీ ఆ తీర్పును తలుచుకుంటూనే ఉంటాయి.

అయితే మన శిక్షాస్మృతి పుట్టినప్పుడు ఈ సూత్రం అందులో లేదని నీకు తెలుసా? 1860 నాటి ఐపీసీలో ఉన్నది దుష్ప్రేరణ మాత్రమే, కోర్టు హాల్లో అందరూ అబెట్‌మెంట్ అనేది. 107వ సెక్షన్‌లో దానికి మూడు దారులున్నాయి. ఒకరిని ఉసిగొల్పడం మొదటిది, కుట్రలో పాలుపంచుకోవడం రెండోది, తెలిసి సాయం చేయడం మూడోది. రెండో దారిలో కుట్ర అన్న మాట ఉన్నా దాని వెంటే ఒక షరతు ఉంది: ఆ కుట్రను అనుసరించి ఏదో ఒక పని జరిగి ఉండాలి, లేదా చేయాల్సిన పనిని చట్టవిరుద్ధంగా మానేసి ఉండాలి. మాట మాత్రమే ఉంటే సరిపోదు. రాజుపై యుద్ధానికి కుట్ర పన్నడం లాంటి కొన్నింటికే 1870లో 121ఎ పేరుతో విడిగా ఏర్పాటు చేశారు.

మిగతా నేరాలన్నిటికీ ఈ సూత్రం వచ్చింది 1913లో. 1912 డిసెంబరు 23న ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఊరేగింపుగా వెళ్తున్న వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడింది. కొద్ది నెలల్లోనే చట్టం మార్చారు. 120ఎ, 120బి సెక్షన్లు ఆ సవరణతో వచ్చినవే. ప్రభుత్వం భయపడిన ఏడాదిలో పుట్టిన సెక్షన్ ఇది. ఆ సంగతి నువ్వు మర్చిపోకూడదు. ఆ భయం ఛాయలు దాని వాడకంలో ఇప్పటికీ కనిపిస్తాయి.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక అదే విషయం 61వ సెక్షన్ అయింది, దుష్ప్రేరణ 45కి మారింది. కొత్త సెక్షన్‌లో ‘ఉమ్మడి ఉద్దేశంతో’ అన్న అర్థం వచ్చే మాట ఒకటి చేర్చారు, మిగతా నిర్మాణం దాదాపు పాతదే. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండు సంఖ్యలూ నీ నోట్సులో ఉండాలి.

ఇప్పుడు నిర్వచనం నెమ్మదిగా చదువు. ఇద్దరు లేదా ఎక్కువమంది ఒక చట్టవిరుద్ధమైన పని చేయడానికో, చట్టబద్ధమైన పనినే చట్టవిరుద్ధమైన మార్గంలో చేయడానికో ఒప్పుకుంటే అది నేరపూరిత కుట్ర. కింద ఒక మినహాయింపు ఉంది, జూనియర్లు ఎక్కువగా దాటేసి పోయేది అదే. ఒప్పుకున్నది ఒక నేరం చేయడానికే అయితే మాట చాలు. అది నేరం కాక వేరే రకం చట్టవిరుద్ధమైన పనైతే మాత్రం మాటకు తోడు ఎవరో ఒకరు ఏదో ఒక పని చేసి ఉండాలి. ఉదాహరణకు ఇద్దరు భాగస్తులు మూడోవాడితో చేసుకున్న ఒప్పందాన్ని అన్యాయంగా ఎగ్గొట్టి నష్టపెడదామని కూడబలుక్కున్నారనుకో. అది సివిలు తప్పు కావచ్చు, చట్టం దృష్టిలో ‘చట్టవిరుద్ధం’ కూడా కావచ్చు, కానీ దానంతటది నేరం కాదు. కాబట్టి ఆ సంభాషణ ఒక్కటీ రుజువైతే కేసు నిలవదు. అదే ఇద్దరూ ఫోర్జరీకి ఒప్పుకుంటే కలం కాగితానికి తగలక ముందే నేరం పూర్తయింది. కాబట్టి ఛార్జిషీటు చేతికి రాగానే నువ్వు వేయాల్సిన మొదటి ప్రశ్న, వీళ్లు ఒప్పుకున్నారంటున్న పని నేరమా, కాదా అన్నది.

శిక్ష దగ్గరే ఈ రెండు భావనలు, కుట్రా దుష్ప్రేరణా, మళ్లీ కలుస్తాయి. కుట్ర లక్ష్యమైన నేరానికి మరణశిక్షో, యావజ్జీవమో, రెండేళ్లు లేదా అంతకు మించిన కఠిన కారాగారమో ఉంటే, చట్టంలో విడిగా శిక్ష చెప్పనప్పుడు, కుట్రదారుణ్ణి ఆ నేరానికి దుష్ప్రేరణ చేసినవాడిలాగే శిక్షించాలి. మిగతా కుట్రలకు గరిష్ఠంగా ఆరు నెలలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ ‘లాగే’ అన్న మాట వల్ల కలిగే ఫలితం చూడు. నలుగురు ఒక మనిషిని చంపడానికి ఒప్పుకున్నారు. చంపితే, ఆ ఒప్పందం ప్రకారమే జరిగింది కాబట్టి నలుగురికీ హత్యకు ఉన్న శిక్షే, కత్తి పట్టినవాడు ఒక్కడే అయినా సరే. చంపకముందే దొరికిపోతే 115వ సెక్షన్, కొత్తదాంట్లో 55, వర్తిస్తుంది. ఏడేళ్ల వరకు ఖైదు, జరిమానా. ప్రయత్నంలో గాయం తగిలితే పద్నాలుగేళ్ల వరకు. యావజ్జీవం కాక ఖైదు మాత్రమే ఉన్న నేరమై, అది జరగకపోతే, గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు వరకే. ఒప్పందమే నేరమని చెబుతూనే, అది జరగనిచోట జరిగినంత శిక్ష వేయలేదు చట్టం. నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది.

ఒకరినొకరు చూడకపోయినా కుట్రదారులు కావచ్చా అని కూడా అడిగావు. కావచ్చు. పాత 108వ సెక్షన్‌లోని ఐదో వివరణ కింద ఒక ఉదాహరణ ఉంది. ‘ఎ’, ‘బి’ కలిసి ‘జడ్’కు విషం పెట్టాలని పథకం వేస్తారు. ‘బి’ వెళ్లి ‘సి’కి ఆ సంగతి చెప్తాడు, కానీ ‘ఎ’ పేరు చెప్పడు. ‘సి’ విషం తెచ్చి ఇస్తాడు. ‘ఎ’కు, ‘సి’కి ముఖపరిచయం లేదు. అయినా ‘సి’ ఆ కుట్రలో పాలుపంచుకున్నవాడే, హత్య జరిగితే దాని శిక్షకు అర్హుడే. ఇక్కడ ‘సి’ని పట్టించింది అతని చేతిలోని విషం కాదు, దేనికో తెలిసి తేవడం. విషం ఎలుకలకని ‘బి’ అబద్ధం చెప్పి ఉంటే ‘సి’ మీద ఏదీ మిగలదు.

ఇక రుజువు. ఒప్పందానికి దస్తావేజు ఉండదు, సాక్షి సంతకాలు ఉండవు. పరిస్థితుల నుంచే ఊహించాలి, కోర్టులు అందుకు ఒప్పుకున్నాయి. ఇక్కడే పాత సాక్ష్య చట్టం 10వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 8, ప్రాసిక్యూషన్‌కు ఒక పదునైన ఆయుధాన్ని ఇస్తుంది. ఇద్దరు కుట్ర పన్నారని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ముందుగా కనిపిస్తే, ఉమ్మడి ఉద్దేశానికి సంబంధించి ఒకడు అన్నదీ, చేసిందీ, రాసిందీ రెండోవాడి మీద కూడా సాక్ష్యమవుతుంది. మామూలు కేసుల్లో ఒకడి మాట ఇంకొకడిని అంతగా కట్టిపడేయదు. అందుకే దీనికి హద్దు ఎక్కడుందో బాగా తెలుసుకో.

ఆ హద్దును 1940లో ప్రివీ కౌన్సిల్ మీర్జా అక్బర్ కేసులో గీసింది. ఒక వివాహిత, ఆమె ప్రియుడు కలిసి కిరాయి మనిషితో భర్తను చంపించారన్నది ఆరోపణ. హత్యకు ముందు వాళ్లిద్దరూ రాసుకున్న ఉత్తరాలున్నాయి. పట్టుబడ్డాక ఆమె మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చిన వాంగ్మూలం ఒకటుంది. ఉత్తరాలు కుట్ర నడుస్తుండగా, దాని కోసమే రాసినవి, కాబట్టి చెల్లుతాయి. వాంగ్మూలం అప్పటికే ముగిసిపోయిన కుట్రను గురించి చెప్పిన కథ, అది ఆ సెక్షన్ కింద ప్రియుడి మీదికి రాదు. శిక్ష మాత్రం ఉత్తరాల బలంతోనే నిలిచింది. ఏ మాట ఏ తేదీన వచ్చింది, అప్పటికి కుట్ర బతికి ఉందా అన్న లెక్క వేయని లాయరు ఈ కేసుల్లో సగం వాదన వదులుకున్నట్టే.

పరిస్థితుల నుంచి ఊహించడంలో ఎంత దూరం వెళ్లవచ్చో తెలియాలంటే కేహర్ సింగ్ కేసు చదువు. తీర్పు పొడుగైనదే, అయినా మొత్తం చదువు. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీని ఆమె ఇంటి ఆవరణలోనే అంగరక్షకులు బేఅంత్ సింగ్, సత్వంత్ సింగ్ కాల్చి చంపారు. బేఅంత్ అక్కడే కాల్పుల్లో చనిపోయాడు. సత్వంత్ గాయాలతో బతికాడు. కుట్ర ఆరోపణ మరో ఇద్దరి మీద పడింది: బేఅంత్‌కు బంధువైన ప్రభుత్వోద్యోగి కేహర్ సింగ్, ప్రధాని భద్రతలోనే పనిచేసే సబ్ ఇన్‌స్పెక్టర్ బల్బీర్ సింగ్. ఇద్దరిలో ఎవరూ తుపాకీ పేల్చలేదు, ఆ స్థలంలో లేరు. ట్రయల్ కోర్టు ముగ్గురికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. సుప్రీం కోర్టు 1988 ఆగస్టు 3న కేహర్ శిక్ష నిలిపి, బల్బీర్‌ను విడిచిపెట్టింది. ఈ ఇద్దరి మధ్య తేడా ఎక్కడ వచ్చిందన్నదే పాఠం.

బల్బీర్ మీద ఉన్నవి ఏమిటి? ఆపరేషన్ బ్లూస్టార్ తర్వాత అతనికి కోపం వచ్చిందని, బేఅంత్‌తో మాట్లాడేవాడని, ఒకసారి డేగ కనబడితే ఇద్దరూ ప్రార్థన చేశారని సాక్ష్యం. తర్వాత అతని దగ్గర దొరికిందన్న ఒక కాగితం, దానిమీద ముక్కలు ముక్కలుగా ఉన్న కొన్ని రాతలు. అతన్ని హత్య మర్నాడే ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్లారు, కానీ అరెస్టు చూపించింది డిసెంబరు 3న ఒక బస్ స్టాప్ దగ్గర. నెల రోజులు పైగా అదుపులో ఉన్న మనిషి జేబులో ఆ కాగితం ఎలా మిగిలిందని కోర్టు అడిగింది. ఇక కోపం మాటకొస్తే ఆ రోజుల్లో అది ఎందరికో ఉంది. కోపం ఉన్న ఇద్దరు మాట్లాడుకోవడం ఒప్పందం కాదు.

కేహర్ మీద ఉన్నది వేరు. అక్టోబరు 17న బేఅంత్ ఇంటికి వచ్చి, ఆడవాళ్లను కింద ఉంచి, ఇద్దరూ మేడ మీద విడిగా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడారని భార్య అడిగితే అమృతం స్వీకరించడం గురించి అన్నారు. మతపరమైన ఆ దీక్షకు రహస్యమెందుకు, మేడెక్కి మాట్లాడాల్సిన పనేమిటి అని కోర్టు ప్రశ్నించుకుంది. తర్వాత కుటుంబాలతో అమృత్‌సర్ ప్రయాణం, అక్కడా ఆడవాళ్లను వేరే చోట ఉంచి మగవాళ్లు విడిగా వెళ్లడం, బేఅంత్ ఉంగరం, కడియం కేహర్ ఇంట్లో దొరకడం, హత్య తెలిశాక కేహర్ అన్న ఒక మాట. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. అన్నీ కలిపి ఒకే దిశలో చూపిస్తున్నాయని కోర్టు నమ్మింది. 1989 జనవరి 6న సత్వంత్, కేహర్‌లను తీహార్‌లో ఉరితీశారు.

నా అభిప్రాయం అడిగితే బల్బీర్ విషయంలో తీర్పు నూటికి నూరుపాళ్లు సరైనదే. కేహర్ విషయంలో నాకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు, అప్పట్లో పేరున్న లాయర్లు కూడా ఆ సాక్ష్యం చాలదన్నారు. మేడ మీద ఏం మాట్లాడుకున్నారో విన్నవారు ఒక్కరూ లేరు. దాచిపెట్టిన సంభాషణ అనుమానాన్ని పెంచుతుంది, నిజమే. కానీ అనుమానం నుంచి ఉరికొయ్య వరకు వేసిన అడుగు చాలా పెద్దది. నువ్వు ప్రాసిక్యూటరు వైపు కూర్చున్నా డిఫెన్సు వైపు కూర్చున్నా, ఆ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూసే అలవాటు చేసుకో.

సంఖ్య గురించి ఒక్క మాట. కుట్రకు ఇద్దరు కావాలి. ఫలానా నలుగురే కుట్రదారులని ఛార్జి పెట్టి ముగ్గురిని నిర్దోషులుగా వదిలేస్తే నాలుగోవాడు తనతో తానే కుట్ర పన్నాడని చెప్పలేరు. 1955లో తోపన్‌దాస్ కేసులో సుప్రీం కోర్టు ఆ సంగతి తేల్చింది. కానీ రెండోవాడు చనిపోయినా, పారిపోయినా, అప్రూవరుగా మారినా లెక్కలో ఉంటాడు.

ఇక నీ కేసు. రిజిస్టరైన సేల్ డీడు, అసలు యజమాని ఊళ్లో లేని సమయంలో అతని పేరుతో వేరేవాడు వచ్చి సంతకం పెట్టాడు. బ్రోకరు ఏ2, డాక్యుమెంట్ రైటరు ఏ3. నీ క్లయింటు ఏ5, సాక్షి సంతకం చేసినవాడు. ఛార్జిషీటులో అందరినీ కలిపి ‘కుట్ర పన్ని’ అని ఒక్క వాక్యంలో కట్టేశారని రాశావు. ఆ వాక్యాన్ని విప్పడమే నీ పని. ఏ5 ఎవరితో ఒప్పుకున్నాడు? ఎప్పుడు? ఏ పనికి? దానికి ఏ సాక్షి, ఏ కాగితం? ఒక్కొక్కరికీ విడివిడిగా ఈ నాలుగు గడులు గీసి నింపు. అందరికీ కలిపి రాసిన సాక్ష్యం ఎవరి గడిలోనూ నిలబడకపోవచ్చు.

అతను డాక్యుమెంట్ రైటర్ల దగ్గర కూర్చుని రెండొందలకో మూడొందలకో ఎవరు పిలిస్తే వారికి సంతకం పెట్టే మనిషైతే అది అజాగ్రత్త, మహా అయితే సిగ్గుమాలిన అలవాటు. అది కుట్ర కాదు. అయితే క్లయింటును గట్టిగా ఒక ప్రశ్న అడుగు, ఫీజు తీసుకునే ముందే అడుగు. సబ్ రిజిస్ట్రార్ ముందు ‘ఈయన్ని నేనెరుగుదును’ అని గుర్తింపు సాక్షిగా చెప్పాడా? తెలియని మనిషిని తెలుసన్నాడంటే అబద్ధం చెప్పినట్టే, దానికి రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ విడిగా ఉంది. అదే అబద్ధాన్ని ప్రాసిక్యూషన్ ఒప్పందానికి ఆనవాలుగా చూపిస్తుంది. అంతకుముందు బ్రోకరుతో ఫోన్లు, తర్వాత ఖాతాలో డబ్బు, అదే ముఠా వేరే డీడుల మీద ఇతని సంతకం కనబడితే నీ వాదన చాలా బలహీనపడుతుంది. అలాంటివేమీ లేకపోతే సాక్షి సంతకం ఒక్కటే మిగులుతుంది, అది కుట్రకు చాలదని ధైర్యంగా వాదించు.

ఏ1 పోలీసులకు ‘ఏ5కి అంతా తెలుసు’ అని చెప్పాడంటున్నారు. అది పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు, కాబట్టి మొదటే చెల్లదు. పైగా అరెస్టయ్యాక చెప్పింది, కాబట్టి సాక్ష్య అధినియమం 8వ సెక్షన్ కింద కూడా నీ క్లయింటు మీదికి రాదు. అయినా తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. రాజీవ్ గాంధీ హత్య కేసులో ట్రయల్ కోర్టు 26 మందికి ఉరిశిక్ష వేస్తే, 1999 మే 11న సుప్రీం కోర్టు హత్య కుట్రను ఏడుగురి మీదే నిలిపింది. మిగతావాళ్లలో కొందరికి చిన్న నేరాలు మాత్రం మిగిలాయి. ఆ తీర్పులో పరిచయాన్ని, ఆశ్రయం ఇవ్వడాన్ని, కుట్రలో భాగం కావడాన్ని ఎలా వేరు చేశారో చూడు. డిశ్చార్జి పిటిషన్‌లో నీకు పనికొస్తుంది. కానీ ఛార్జి వేసే దశలో బలమైన అనుమానం సరిపోతుందని, నిర్దోషిత్వపు వాదన మొత్తం అక్కడే ఖర్చుపెట్టకూడదని గుర్తుంచుకో.

చివరగా కాగితాల్లో చూడాల్సినవి రెండు. కుట్ర లక్ష్యం రెండేళ్ల కఠిన కారాగారం కంటే చిన్న నేరమైతే, రాష్ట్ర ప్రభుత్వమో జిల్లా మేజిస్ట్రేటో రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వకుండా కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోకూడదు. పాత సీఆర్‌పీసీలో 196, కొత్తదాంట్లో 217. నీ కేసులో విలువైన దస్తావేజు ఫోర్జరీ ఉంది కాబట్టి ఇది నీకు ఉపయోగపడదు, కానీ చిన్న కేసుల్లో కుట్ర సెక్షన్ తగిలించినప్పుడు మొదట వెతకాల్సింది ఆ సమ్మతి పత్రమే. రెండోది, కుట్ర సెక్షన్ ఉందన్న ఒక్క కారణంతో ఈడీ మనీ లాండరింగ్ కేసు పెట్టలేదని సుప్రీం కోర్టు 2023 నవంబరులో పావన దిబ్బూర్ కేసులో చెప్పింది. కుట్ర లక్ష్యం ఆ చట్టపు షెడ్యూలులో ఉన్న నేరమై ఉండాలి. మీ సీనియరు దగ్గర ఆ రకం ఫైళ్లు వస్తే ముందు దాన్ని చూపించు.

గడులు నింపాక ఒక నకలు నాకు పంపు. ఏ5 వరుసలో ‘ఎప్పుడు’ అన్న గడి ఖాళీగా మిగిలితే డిశ్చార్జి పిటిషన్ ఇద్దరం కలిసి రాద్దాం.

మీ మామయ్య